కాలువ రైతు, చెలక రైతు: తులనాత్మక ప్రయోజనం లెక్క

ప్రశ్న: "గ్రూప్-2కి చదువుతున్నాను. ఒక రైతు వడ్లు, కందులు రెండూ నాకంటే ఎక్కువ పండిస్తాడు. అయినా అతనితో మార్పిడి చేసుకుంటే నాకూ లాభమేనని పుస్తకంలో ఉంది. ఎంత చదివినా నమ్మకం కుదరడం లేదు. బలమున్నవాడికే కదా లాభం?"

లాభం ఇద్దరికీ ఉంటుందండీ. వెనకబడిన రైతు సాధారణంగా రెండు పంటల్లోనూ ఒకే మేర వెనకబడి ఉండడు. ఒకదాంట్లో బాగా, ఇంకోదాంట్లో కొద్దిగా వెనకబడి ఉంటాడు. ఆ తేడా ఉన్నంతవరకు అతని దగ్గర అమ్ముకోవడానికి ఒక సరుకు ఉన్నట్టే. ఎంత లాభం, ఎవరికి ఎక్కువ అన్నది మార్పిడి ధరను బట్టి ఉంటుంది. ఆ సంగతి కిందకు వెళ్లాక చెబుతాను.

నేను 20 ఏళ్లకు పైగా డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పాను. ఏటా ఈ పాఠం దగ్గర క్లాసులో సగం మంది ఆగిపోయేవాళ్లు. సూత్రం కష్టమై కాదు, "గట్టివాడు వట్టివాడితో ఎందుకు బేరమాడతాడు?" అన్న అనుమానం తీరక. అందుకని నేను నిర్వచనం బోర్డు మీద రాయకుండా లెక్కతోనే మొదలుపెట్టేవాణ్ని. ఇక్కడా అదే చేస్తాను.

రాము, సోము అని ఇద్దరు రైతులు అనుకోండి. రాము పొలం మిర్యాలగూడ వైపు, సాగర్ ఎడమ కాలువ కింద ఉంది. సోముది దేవరకొండ వైపు చెలక, పక్కన ఒక చిన్న బోరు. ఇద్దరికీ నాలుగేసి ఎకరాలు. ఎకరానికి వచ్చే దిగుబడి క్వింటాళ్లలో ఇలా ఉందనుకుందాం. చేత్తో వేసుకోవడానికి వీలుగా గుండ్రటి అంకెలు తీసుకున్నాను.

| | వడ్లు | కందులు |
|---|---|---|
| రాము | 24 | 6 |
| సోము | 10 | 5 |

పై నుంచి కిందికి చదివితే రెండు వరసల్లోనూ రాముదే పైచేయి. దీన్నే పుస్తకాల్లో నిరపేక్ష ప్రయోజనం అంటారు. మీరు ఇక్కడే ఆగిపోతున్నారు. ఇప్పుడు అదే పట్టికను అడ్డంగా చదవండి.

రాము ఒక ఎకరంలో కంది వేస్తే 6 క్వింటాళ్లు వస్తాయి, కానీ ఆ ఎకరంలో రావలసిన 24 క్వింటాళ్ల వడ్లు పోతాయి. అంటే అతనికి ఒక క్వింటా కందులు 4 క్వింటాళ్ల వడ్ల ఖరీదు చేస్తున్నాయి. సోము ఎకరం కంది వేస్తే 5 క్వింటాళ్లు వస్తాయి, పోయేది 10 క్వింటాళ్ల వడ్లు. అతనికి క్వింటా కందులు 2 క్వింటాళ్ల వడ్లకే పడుతున్నాయి. ఇలా ఒకటి పండించడం కోసం వదులుకున్న రెండోదాన్ని అవకాశ వ్యయం అంటారు. ఈ లెక్కలో కందుల్ని చవకగా పండించేది సోము. దిగుబడి తక్కువైనా చవక అతనిదే, ఎందుకంటే కంది వేసినందుకు అతను పోగొట్టుకునేది తక్కువ. అదే వడ్లయితే రాము చవకగా పండిస్తాడు. క్వింటా వడ్లకు రాము పావు క్వింటా కందులు వదులుకుంటే, సోము అర క్వింటా వదులుకోవాలి. ఇలా ఒక పంటను ఎదుటివాడి కంటే తక్కువ అవకాశ వ్యయంతో పండించగలగడాన్నే తులనాత్మక ప్రయోజనం అంటారు.

మార్పిడి లేకపోతే ఎవరి తిండి వాళ్లే పండించుకోవాలి. రాము మూడెకరాలు వరి, ఒక ఎకరం కంది వేశాడనుకోండి: 72 క్వింటాళ్ల వడ్లు, 6 క్వింటాళ్ల కందులు. సోము చెరి రెండెకరాలు వేశాడు: 20 వడ్లు, 10 కందులు. ఇద్దరిదీ కలిపితే 92 వడ్లు, 16 కందులు.

ఇప్పుడు రాము నాలుగెకరాలూ వరే వేశాడు, 96 క్వింటాళ్లు. సోము నాలుగెకరాలూ కందే వేశాడు, 20 క్వింటాళ్లు. చూడండి, వడ్లు 4 క్వింటాళ్లు పెరిగాయి, కందులూ 4 క్వింటాళ్లు పెరిగాయి. భూమి అదే, మనుషులు వాళ్లే, ఎరువు బస్తా ఒక్కటి ఎక్కువ పడలేదు. ఏ పంట ఏ నేలలో వేయాలన్నది మారింది, అంతే.

ఇక పంపకం. క్వింటా కందులకు మూడు క్వింటాళ్ల వడ్లు అని ఇద్దరూ ఒప్పుకున్నారు. సోము 8 క్వింటాళ్ల కందులు ఇచ్చి 24 క్వింటాళ్ల వడ్లు తెచ్చుకున్నాడు. అతని ఇంట్లో ఇప్పుడు 24 వడ్లు, 12 కందులు ఉన్నాయి. ముందు 20, 10 ఉండేవి. రాము ఇంట్లో 72 వడ్లు, 8 కందులు. ముందు 72, 6 ఉండేవి. అతని గాదెలో వడ్లు గింజ తగ్గలేదు, కందులు రెండు క్వింటాళ్లు పెరిగాయి.

బలమున్నవాడికే లాభం కదా అని అడిగారు. అదే ధరలో అన్నిటినీ వడ్లలోకి మార్చి చూడండి. రాము సంపాదన 90 నుంచి 96కి పెరిగింది, అంటే 6 క్వింటాళ్లు. సోముది 50 నుంచి 60కి, అంటే 10 క్వింటాళ్లు. ఈ బేరంలో వెనకబడిన రైతుకే ఎక్కువ మిగిలింది. ప్రతిసారీ ఇలాగే ఉంటుందని కాదు, కానీ ఉండడానికి వీలుందని మీకు తెలియాలి.

లెక్క పక్కన పెట్టి మా ఇంటి సంగతి ఒకటి చెబుతాను. నాకు ఈ పాఠం పుస్తకం కంటే ముందు అక్కడే అర్థమైంది.

మా నాన్నది కాలువ కింది పొలం, మా మేనమామది చెలక. నా చిన్నప్పుడు ఏటా సంక్రాంతి దాటాక మామ కంది బస్తాలు బస్సు టాపు మీద వేసుకుని వచ్చేవాడు, వెళ్లేటప్పుడు వడ్లు తీసుకెళ్లేవాడు. వాకిట్లో చాప పరిచి బస్తా మూతి విప్పితే ఎర్రటి కందులు జలజలా పడేవి. అమ్మ గుప్పెడు తీసి నోట్లో ఒక గింజ కొరికి చూసి, ఎండిందో లేదో చెప్పేది. తర్వాత కుంచంతో కొలత. ఒక కుంచం కందులు, మూడు కుంచాల వడ్లు. నాకు తెలిసినంతవరకు ఆ మూడు అన్న అంకె మీద వాళ్లిద్దరూ ఎప్పుడూ గొడవపడలేదు.

ఒక ఏడు నాన్నకు పట్టుదల వచ్చింది. "మనకు ఇంత మంచి నేల ఉండగా కందులు బయటి నుంచి తెచ్చుకోవడం ఏంటి?" అని కాలువ కింద ఒక ఎకరంలో కంది వేశాడు. మామ చూసి, "బావా, కందికి నీళ్లు నిలిస్తే పడదు, నీ పొలంలో నీళ్లు ఎప్పుడూ నిలుస్తూనే ఉంటాయి" అన్నాడు. నాన్న వినలేదు. చుట్టూ వరి మళ్లే కాబట్టి ఊట ఆ ఎకరంలోకి దిగింది. పూత దశలో ఒక్కో చెట్టూ వాడిపోవడం మొదలైంది. పీకి చూస్తే వేరు నల్లగా ఉంది. అయినా చివరికి ఎంతో కొంత పంట చేతికొచ్చింది, నాన్న సంతోషించాడు కూడా. కానీ ఆ ఎకరంలో రావలసిన వడ్లు పట్టుకెళ్లి మామకిచ్చి ఉంటే దాదాపు రెండింతల కందులు ఇంటికొచ్చేవి. తెగులు పట్టకుండా పూర్తి పంట వచ్చినా నష్టమే అయ్యేది. అది నాన్నకు ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే ఆ నష్టం కంటికి కనపడదు. చేతికొచ్చిన కందులు కనిపిస్తాయి, రాకుండా పోయిన వడ్లు కనిపించవు. అవకాశ వ్యయం అర్థం కాకపోవడానికి ఇదే కారణమని నా అభిప్రాయం.

ఆ మరుసటి ఏడు నుంచి నాన్న కందిని పొలం గట్ల మీదికి మార్చాడు. గట్టు మీద ఎలాగూ వరి పండదు, కాబట్టి అక్కడ కంది వేస్తే పోయే వడ్లు ఏమీ లేవు. అవకాశ వ్యయం సున్నా. ఇంటికి కావలసిన దాంట్లో కొంత గట్ల నుంచి వచ్చేది, మిగతాది మామ దగ్గర నుంచి. "ప్రత్యేకీకరణ అంటే ఒకే పంట వేయాలా?" అని పిల్లలు అడిగినప్పుడు నేను ఈ గట్టు సంగతే చెప్పేవాణ్ని. పొలమంతా ఒకేలా ఉండదు. లెక్క పొలం మొత్తానికి కాదు, ఒక్కో చెక్కకీ విడిగా వేయాలి.

ఇప్పుడు ధర సంగతి. పరీక్షలో చాలామంది దీన్ని వదిలేస్తారు, నా దృష్టిలో అసలు విషయం ఇదే. మార్పిడి ధర ఇద్దరి అవకాశ వ్యయాల మధ్యలో పడాలి. మన లెక్కలో అది 2కీ 4కీ మధ్య. క్వింటా కందులకు 2 క్వింటాళ్ల వడ్లే ఇస్తానని రాము పట్టుబడితే సోముకు మిగిలేది ఏమీ లేదు, ఆ ధరకు తన చెలకలో తనే వరి వేసుకోగలడు. 4 కావాలని సోము పట్టుబడితే రాముకు ఏమీ మిగలదు. మధ్యలో ఎక్కడ తెగుతుందన్నది సిద్ధాంతం చెప్పదు. ఎవరికి తొందర ఎక్కువ, ఎవరికి ఇంకో కొనుగోలుదారు దొరుకుతాడు అన్నవి తేలుస్తాయి.

నిజం ధరలతోనూ సరిచూసుకోవచ్చు. 2024-25కి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర సాధారణ రకం వడ్లకు క్వింటా రూ.2,300, కందులకు రూ.7,550. భాగిస్తే సుమారు 3.3. అంటే క్వింటా కందులు అమ్మిన డబ్బుతో 3.3 క్వింటాళ్ల వడ్లు కొనొచ్చు. 2కీ 4కీ మధ్యే ఉంది కదా. కాబట్టి రాము, సోము ఒకరి మొహం ఒకరు చూడకపోయినా, ఎవరి మార్కెట్ యార్డులో వాళ్లు అమ్ముకున్నా ఇదే మార్పిడి డబ్బు రూపంలో జరుగుతుంది.

సోము లాంటి రైతుకు ఈ లాభం చేజారేది కూడా ధర దగ్గరే. విత్తనాలప్పుడు అప్పిచ్చిన వ్యాపారికే పంట అమ్మాలన్న షరతు ఉంటే, మార్కెట్లో 3.3 పలుకుతున్నా అతని చేతికి 2.2, 2.3 వస్తుంది. అడ్తి, హమాలీ, తరుగు, కిరాయి కలిపి మిగతాది తినేస్తాయి. అలాంటప్పుడు సోము రెండెకరాల్లో వరి వేసుకుని ఇంట్లో తిండి గింజలు చూసుకుంటున్నాడంటే అతనికి ఆర్థిక శాస్త్రం తెలియక కాదు, అతను సరిగ్గానే లెక్క వేసుకున్నాడు. బయట కనిపించే ధర కాకుండా ఇంటి గడపకు చేరే ధర 2 కంటే ఎంత ఎక్కువ ఉందో చూడాలి. మంచి రోడ్డు పడినా, దగ్గర్లో కొనుగోలు కేంద్రం తెరిచినా చెలక రైతులు ఏ పంట వేయాలన్న లెక్క మార్చుకునేది ఇందుకే.

రెండో ప్రమాదం, ధర ఏడాదికీ ఏడాదికీ మారడం. 2015 చివర్లో కందిపప్పు కిలో రూ.200 దాకా పోయింది, మీకు గుర్తుండే ఉంటుంది. మరుసటి ఏడు దేశమంతా కంది వేశారు. 2016-17లో మద్దతు ధర బోనస్‌తో కలిపి రూ.5,050 ఉన్నా మార్కెట్లో అంతకంటే బాగా కిందికి పడిపోయింది. ఆ ఏడు వడ్ల మద్దతు ధర రూ.1,470. సోము కందులు రూ.3,700కి అమ్ముకున్నాడనుకుంటే నిష్పత్తి 2.5. అది ఇంకా 2 పైనే ఉంది, కానీ ఖర్చులు తీసేస్తే ఏమీ మిగలదు. నాలుగెకరాలూ ఒకే పంట వేసినవాడికి ఆ ఏడు ఎంత టెన్షనో ఊహించుకోండి. పట్టికలో అంకెలు స్థిరంగా ఉంటాయి, పొలంలో ఉండవు.

దేశాల స్థాయిలో ఇదే కథ చూడాలంటే మన కందిపప్పు ఎక్కడి నుంచి వస్తుందో చూడండి. మనకు కందులు అమ్మే దేశాల్లో మొజాంబిక్ ఒకటి. వరి దిగుబడిలో ఆ దేశం మనకంటే చాలా వెనక. కంది దిగుబడిలో అంత వెనక లేదు. అచ్చం మన సోము లాగే. వాళ్లు బియ్యం దిగుమతి చేసుకుంటారు, కందులు మనకు ఎగుమతి చేస్తారు. అక్కడి చిన్న రైతులు కంది వేసేది చాలావరకు భారత మార్కెట్ కోసమే. 2016లో కంది కొనుగోలుపై రెండు ప్రభుత్వాలూ ఒప్పందం కూడా చేసుకున్నాయి. అయితే ఇక్కడ పంట ఎక్కువై ధర పడిపోయేసరికి 2017 ఆగస్టులో మన ప్రభుత్వం కంది దిగుమతికి ఏడాదికి 2 లక్షల టన్నుల పరిమితి పెట్టింది. అక్కడి రైతుకు ధర కుప్పకూలింది. కందిని తక్కువ అవకాశ వ్యయంతో పండించగలగడం అన్న అతని బలం ఎక్కడికీ పోలేదు. కొనేవాడు ఒక్కడే కావడం, ఆ ఒక్కడు తలుపు వేయడం వల్ల దెబ్బతిన్నాడు. బలహీనుడికి వ్యాపారం వల్ల లాభమేనని రాసేటప్పుడు ఈ సంగతి కూడా ఒక వాక్యం రాయండి. మీ జవాబు నిజానికి దగ్గరగా ఉంటుంది.

ఇంకొకటి. లాభం వస్తుందంటే సోము రాముతో సమానమవుతాడని అర్థం కాదు. మార్పిడి తర్వాత కూడా రాముది 96, సోముది 60. ఎవరు ఏ పంట వేయాలన్నది తులనాత్మక ప్రయోజనం చెబుతుంది. ఎవరు ఎంత బాగా బతుకుతారన్నది ఎకరానికి ఎంత పండుతుందన్న దాని మీదే ఆధారపడుతుంది. ఆ రెండో ప్రశ్నకు జవాబు బోరు, విత్తనం, నేల సారంలో ఉంటుంది. మార్పిడి సోముకు తన నిన్నటి కంటే మెరుగైన ఈ రోజును ఇస్తుంది, అంతవరకే.

పరీక్షకు పనికొచ్చే ఒక జాగ్రత్త. 1817లో డేవిడ్ రికార్డో ఈ సిద్ధాంతానికి ఇచ్చిన ఉదాహరణలో అంకెలు దిగుబడివి కావు, శ్రమవి. ఇంగ్లండ్‌లో ఒక మొత్తం బట్టకు ఏడాదికి 100 మంది శ్రమ, వైన్‌కు 120 మంది. పోర్చుగల్‌లో బట్టకు 90, వైన్‌కు 80. ఇక్కడ తక్కువ అంకె ఉన్నవాడే సమర్థుడు. మన పట్టికలో ఎక్కువ అంకె ఉన్నవాడు సమర్థుడు. ఈ తేడా గమనించక భాగహారం తిరగేసి వేసినవాళ్ల పేపర్లు నేను ఎన్నో దిద్దాను. శ్రమ అంకెలు ఇస్తే ఏ సరుకు ఖరీదు కావాలో దాని అంకెను రెండోదానితో భాగించండి. ఇంగ్లండ్‌లో వైన్ ఖరీదు 120/100, అంటే 1.2 బట్ట. పోర్చుగల్‌లో 80/90, అంటే సుమారు 0.89 బట్ట. వైన్ పోర్చుగల్‌కు చవక, కాబట్టి బట్ట ఇంగ్లండ్‌ది. రెండు సరుకుల్లోనూ పోర్చుగలే సమర్థమైనా ఇంగ్లండ్‌కు చోటుంది. దిగుబడి అంకెలు ఇస్తే భాగహారం తిరగబడుతుంది. సోముకు కంది ఖరీదు 10/5, వదులుకున్నది పైన, వచ్చింది కింద.

నిజంగా అర్థమైందో లేదో మీరే చూసుకోవడానికి ఒకటి ఇస్తాను. సోముకు మంచి బోరు పడి వరి దిగుబడి 10 నుంచి 20కి పెరిగింది, కంది మాత్రం 5 దగ్గరే ఉంది అనుకోండి. అతను ఇప్పుడు ముందుకంటే ఎంతో బలవంతుడు. కానీ 20/5 అంటే 4, రాము నిష్పత్తీ 4. ఇద్దరికీ కంది ఒకే ఖరీదు, మార్పిడిలో ఎవరికీ ఏమీ మిగలదు. సోము బలహీనంగా ఉన్నప్పుడు లాభం ఉంది, బలపడ్డాక లేదు. లాభం పుట్టేది ఇద్దరి మధ్య ఎక్కువ తక్కువల నుంచి కాదు, నిష్పత్తుల తేడా నుంచి అని ఇక్కడ మీకు తెలుస్తుంది. ఇప్పుడు 20 తీసేసి 25 పెట్టండి. ఎవరు ఏ పంట వేయాలి, ధర ఏ రెండు అంకెల మధ్య పడాలి? లెక్క వేసి కింద రాయండి, సరిగ్గా ఉందో లేదో చూసి చెబుతాను.